రెండు వాట్‌మీటర్ల పద్ధతి: నో లోడ్‌లో ఒక ముల్లు వెనక్కి పోతే పవరు, పవర్ ఫ్యాక్టరు ఎలా లెక్కించాలి?

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. 5 హెచ్‌పి, 415 వోల్టుల ఇండక్షన్ మోటారుకి లోడ్ టెస్ట్ చేశాం. ఒక వాట్‌మీటరు ఆర్ లైనులో, ఇంకోటి బి లైనులో పెట్టి, రెండింటి ప్రెజర్ కాయిల్ తీగల్నీ వై లైనుకి కలిపాం. నో లోడ్‌లో 3.6 ఆంపియర్లు ఉంది. బి మీటరు 940 వాట్లు చూపించింది, ఆర్ మీటరు ముల్లు వెనక్కి కొట్టింది. కరెంట్ కాయిల్ తీగలు తిప్పితే 540 వచ్చింది. ఫార్ములాలో వేస్తే పవర్ ఫ్యాక్టర్ 0.9 వచ్చింది, మా సార్ అది అసాధ్యం అన్నారు. పైగా లోడు పెంచుతుంటే ఆర్ మీటరు సున్నాకి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది, తీగలు మళ్ళీ మామూలుగా పెట్టాల్సి వచ్చింది. మీటరు పాడైందా? అసలు ఈ ఫార్ములాని ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం:

మీ మీటరు బాగానే ఉంది. కరెంట్ కాయిల్ తీగలు తిప్పడం కూడా సరైన పనే. అయితే తీగలు తిప్పి చదివిన రీడింగును మైనస్ గుర్తుతో రాసుకోవాలి. అంటే మీ నో లోడ్ రీడింగులు 940, 540 కావు; 940, −540. అప్పుడు మోటారు తీసుకుంటున్న పవరు 400 వాట్లు, పవర్ ఫ్యాక్టరు సుమారు 0.154 అవుతుంది. ఈ పరిమాణం మోటారు నో లోడ్‌లో తిరుగుతున్నప్పుడు సహజంగా ఉండవలసినదే.

ఫార్ములాను ఎంతవరకు నమ్మవచ్చన్న దానికి రెండు భాగాలుగా జవాబు చెప్పాలి. మూడు తీగల సర్క్యూట్‌లో రెండు రీడింగులను గుర్తుతో సహా కూడితే వచ్చే మొత్తం పవరు, లోడు ఎలా ఉన్నా నిజమే. కానీ ఆ రెండు రీడింగుల నుంచి రాబట్టే పవర్ ఫ్యాక్టరు, మూడు ఫేజులూ సమానంగా ఉండి, వోల్టేజీ కరెంటూ సైన్ వేవులుగా ఉన్నప్పుడు మాత్రమే నిజం. ఈ రెండింటినీ ఒకే నమ్మకంతో చూడటం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి.

ముందుగా మీ లెక్కను పూర్తి చేద్దాం. W1 అంటే పెద్ద రీడింగు, W2 అంటే చిన్నది.

```
tan φ = √3 · (W1 − W2) / (W1 + W2)

W1 = 940,  W2 = −540
W1 + W2 = 400
W1 − W2 = 1480
tan φ = 1.732 × 1480 / 400 = 6.41
φ = 81.1°,  cos φ = 0.154
```

ఇక్కడే ఒక సరిచూపు చేసుకోండి. నేను ఏ టెస్టులోనైనా దీన్ని చేయకుండా తరువాతి రీడింగుకు వెళ్ళను. మీ దగ్గర వోల్ట్‌మీటరు, అమ్మీటరు రీడింగులు ఎలాగూ ఉంటాయి. వాటితో పవర్ ఫ్యాక్టరును రెండో దారిలో కూడా లెక్కించవచ్చు: 400 వాట్లను √3 × 415 × 3.6, అంటే 2588 వోల్ట్ ఆంపియర్లతో భాగిస్తే 0.155 వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి కాబట్టి గుర్తు సరైనదని తేలుతుంది. మీరు ముందు తీసుకున్నట్టు 540ని ప్లస్‌గా తీసుకుంటే మొత్తం 1480, తేడా 400 అయి, వాట్‌మీటర్ల ఫార్ములా 0.906 చెబుతుంది, వోల్ట్ ఆంపియర్ల దారి మాత్రం 1480ని 2588తో భాగించి 0.57 చెబుతుంది. ఒకే మోటారుకు, ఒకే క్షణంలో ఇంత దూరమైన రెండు జవాబులు రావడానికి వీల్లేదు. మీ సార్ చెప్పింది మోటారు స్వభావాన్ని బట్టి. ఈ సరిచూపు ఆ విషయాన్ని మీ కాగితం మీది అంకెలతోనే పట్టిస్తుంది.

ఇక ముల్లు ఎందుకు వెనక్కి పోతుందో చూద్దాం. వాట్‌మీటరు ముల్లు తన కరెంట్ కాయిల్‌లో పోయే కరెంటుకూ తన ప్రెజర్ కాయిల్ మీద ఉన్న వోల్టేజికీ మధ్య ఉన్న కోణాన్ని బట్టి కదులుతుంది. మీ ఆర్ మీటరులో పోయేది ఆర్ లైను కరెంటు, దాని ప్రెజర్ కాయిల్ మీద ఉన్నది ఆర్, వై లైన్ల మధ్య వోల్టేజి. ఫేజు క్రమం ఆర్-వై-బి అయినప్పుడు ఈ లైను వోల్టేజి, ఆర్ ఫేజు వోల్టేజి కంటే 30 డిగ్రీలు ముందు ఉంటుంది. మోటారు కరెంటు ఫేజు వోల్టేజి కంటే φ డిగ్రీలు వెనక ఉంటుంది. కాబట్టి ఆ మీటరు చూసే కోణం 30 + φ. బి మీటరు దగ్గర దీనికి వ్యతిరేకంగా, బి, వై లైన్ల మధ్య వోల్టేజి బి ఫేజు వోల్టేజి కంటే 30 డిగ్రీలు వెనక ఉంటుంది కనుక అది చూసే కోణం 30 − φ.

```
W1 = V · I · cos(30° − φ)     (బి మీటరు)
W2 = V · I · cos(30° + φ)     (ఆర్ మీటరు)
```

మీ నో లోడ్‌లో φ 81.1 డిగ్రీలు. ఆర్ మీటరు చూసే కోణం 111.1 డిగ్రీలు, అంటే 90 దాటింది. దాని కొసైన్ −0.36. 415ను 3.6తో గుణించి, దాన్ని −0.36తో గుణిస్తే −538 వాట్లు. బి మీటరు చూసే కోణం 51.1 డిగ్రీలు, కొసైన్ 0.628, రీడింగు 938. మీరు చదివిన అంకెలు ఇవే. ముల్లు వెనక్కి పోవడమే అక్కడ సరైన రీడింగు. స్కేలు సున్నాకు ఎడమవైపు లేదు కాబట్టి మాత్రమే మనం తీగలు తిప్పి చదవవలసి వస్తోంది.

పై రెండు సమీకరణాలను కూడితే √3·V·I·cos φ, అంటే మొత్తం పవరు వస్తుంది. ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే V·I·sin φ వస్తుంది. దాన్ని √3తో గుణిస్తే అది రియాక్టివ్ పవరు. ఈ రెండో మాటను పాఠాల్లో ఒక వాక్యంతో దాటేస్తారు. కానీ మీ మోటారు టెస్టులో ముల్లు ఎందుకు అలా నడిచిందో చెప్పేది అదే.

ఇదే పరిమాణంలోని మోటారుకు ఫుల్ లోడ్ దగ్గర వచ్చే అంకెలతో మీ నో లోడ్ అంకెలను పోల్చి చూడండి. లైను కరెంటు 7.3 ఆంపియర్లు, బి మీటరు 3020, ఆర్ మీటరు 1340 వాట్లు అనుకుందాం. రెండూ ప్లస్సే.

```
W1 + W2 = 4360
W1 − W2 = 1680
tan φ = 1.732 × 1680 / 4360 = 0.667
φ = 33.7°,  cos φ = 0.83
సరిచూపు: 4360 / (1.732 × 415 × 7.3) = 0.83
```

నో లోడ్ నుంచి ఫుల్ లోడ్‌కు వచ్చేసరికి మొత్తం 400 నుంచి 4360కి, అంటే పది రెట్లకు పైగా పెరిగింది. తేడా మాత్రం 1480 నుంచి 1680కి, అంతే. ఇండక్షన్ మోటారు అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికి తీసుకునే రియాక్టివ్ పవరు లోడుతో పెద్దగా మారదు. షాఫ్టు మీద పని పెరిగేకొద్దీ పెరిగేది అసలు పవరు. కాబట్టి తేడా దాదాపు నిలకడగా ఉంటుంది, మొత్తం పెరుగుతూ పోతుంది. చిన్న రీడింగు అంటే మొత్తంలోంచి తేడాను తీసివేసి సగం చేసిన విలువ. మొత్తం 400, తేడా 1480 అయినప్పుడు అది −540. మొత్తం పెరిగి తేడాతో సమానమైన చోట, అంటే మీ మోటారు సుమారు 1500 వాట్లు తీసుకుంటూ, కరెంటు 4.2 ఆంపియర్ల దగ్గర ఉన్నప్పుడు, ఆర్ మీటరు సున్నా చూపుతుంది. ఆ క్షణంలో φ సరిగ్గా 60 డిగ్రీలు, పవర్ ఫ్యాక్టరు 0.5. అక్కడి నుంచి ముందుకు వెళితే రీడింగు ప్లస్ వైపుకు వస్తుంది. మీరు తీగలు తిప్పి ఉంచారు కనుక ముల్లు సున్నాకు వచ్చి మళ్ళీ వెనక్కి పోయినట్టు కనిపించింది. మీటరు పాడైందని మీరు అనుమానించిన ఆ కదలిక, మోటారు పవర్ ఫ్యాక్టరు 0.5ను దాటిన గుర్తు.

రికార్డులో ప్రతి లోడుకూ మొత్తం, తేడా రెండింటికీ వేరువేరు నిలువు వరుసలు పెట్టమని నా దగ్గర పని నేర్చుకునేవారికి చెబుతాను. తేడా వరుస మెల్లగా, సాఫీగా కదలాలి. ఎక్కడైనా అది ఒక్కసారిగా 1500 నుంచి 400కు పడిపోతే ఆ వరుసలో గుర్తు తప్పు రాశారని వెంటనే తెలుస్తుంది.

గుర్తును టెస్టు సమయంలోనే తేల్చుకోవడం ఎలా? కనెక్షన్లు మొదటి నుంచీ సరిగా ఇచ్చామన్న నమ్మకం ఉంటే, అంటే రెండు మీటర్లలోనూ ఎం టెర్మినల్ సప్లై వైపు, ఎల్ టెర్మినల్ మోటారు వైపు, సి టెర్మినల్ ఎం‌కు కలిపి, వి టెర్మినల్ వై లైనుకు ఉంటే, ముల్లు వెనక్కి పోవడమే మైనస్‌కు నిదర్శనం. ఆ నమ్మకం లేకపోతే, లేదా వేరెవరో ఇచ్చిన కనెక్షన్ మీద మీరు టెస్టు చేస్తుంటే, చిన్న రీడింగు చూపుతున్న మీటరు మీద ఒక పరీక్ష చేయవచ్చు. సప్లై ఆపి, ఆ మీటరు వి తీగను వై నుంచి తీసి, రెండో మీటరు ఉన్న లైనుకు, ఇక్కడ బి లైనుకు, కలపండి. మళ్ళీ సప్లై ఇచ్చి చూడండి. ఇప్పుడు ఆ మీటరు చూసే కోణం 30 − φ అవుతుంది కనుక, సరైన దిశలో కలిపి ఉంటే ముల్లు తప్పక ముందుకే రావాలి. ముందుకు వస్తే వై మీద అది చూపిన రీడింగు ప్లస్. వెనక్కి పోతే, ఆ మీటరు తిప్పి ఉందని, వై మీద చదివిన రీడింగుకు మైనస్ పెట్టాలని అర్థం. బ్యాలెన్స్‌డ్ లోడు మీద ఈ పరీక్ష మోసం చేయదు. తీగ మార్చేటప్పుడు 415 వోల్టులు బతికి ఉండగా చేయి పెట్టవద్దు. సప్లై ఆపడానికి పట్టే అర నిమిషం కోసం తొందరపడవలసిన పని ఏ ల్యాబులోనూ లేదు.

ముల్లు వెనక్కి పోయినప్పుడు కరెంట్ కాయిల్‌ను తిప్పాలా, ప్రెజర్ కాయిల్‌నా అన్న సందేహం తరచు వస్తుంది. మీటరు మీదే తిప్పే స్విచ్ ఉంటే దాన్నే వాడండి. లేకపోతే సప్లై ఆపి కరెంట్ కాయిల్ తీగలనే తిప్పండి. సి, వి తీగలను బయట తారుమారు చేస్తే, ప్రెజర్ సర్క్యూట్‌లోని పెద్ద నిరోధం కరెంట్ కాయిల్ వైపుకు వచ్చి, పక్కపక్కనే ఉన్న రెండు కాయిళ్ళ మధ్య దాదాపు పూర్తి లైను వోల్టేజి పడుతుంది. అది ఇన్సులేషన్‌కు మంచిది కాదు, రీడింగులో తప్పు కూడా తెస్తుంది.

కనెక్షన్ తప్పుల్లో ఒకటి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే అది చూడటానికి తప్పులా ఉండదు. ఒక రీవైండింగ్ షాపులో కొత్తగా చుట్టిన పంపు మోటారును నో లోడ్‌లో నడిపితే రెండు వాట్‌మీటర్లూ ఒకే రీడింగు చూపాయి, రెండూ ముందుకే. సమానంగా ఉన్నాయి కాబట్టి పవర్ ఫ్యాక్టరు ఒకటి అని రాసి, ఇంత పవరు నో లోడ్‌లో తీసుకుంటోందంటే చుట్టడంలోనే లోపం ఉందని మోటారును విప్పబోతుండగా నన్ను పిలిచారు. వైండింగ్‌లో ఏ లోపమూ లేదు. ఆర్ మీటరు వి తీగ వై లైనుకు బదులు బి లైనుకు పోయి ఉంది. అప్పుడు ఆర్ మీటరు కూడా 30 − φ కోణాన్నే చూస్తుంది; రెండు మీటర్లూ ఒకే మాటను రెండుసార్లు చెబుతాయి, మొత్తానికి అర్థం ఉండదు. అలాకాక బి మీటరు వి తీగ ఆర్ లైనుకు పోతే రెండూ 30 + φ చూసి, నో లోడ్‌లో రెండూ సమానంగా వెనక్కి పోతాయి. నో లోడ్‌లో ఉన్న ఇండక్షన్ మోటారు మీద రెండు మీటర్లూ సమానంగా ఉంటే, లేదా రెండూ వెనక్కి పోతే, మోటారును అనుమానించే ముందు వి తీగలు రెండూ మీటరు లేని లైనుకే ఉన్నాయో లేదో చూడండి. ఇక్కడ కూడా వోల్ట్ ఆంపియర్ల సరిచూపు చేసి ఉంటే ఒకటి అన్న పవర్ ఫ్యాక్టరు అక్కడికక్కడే పడిపోయేది.

ఏ మీటరు ఏ లైనులో ఉంటే చిన్న రీడింగు చూపుతుందన్నది ఫేజు క్రమం మీద ఆధారపడుతుంది. సప్లైలో రెండు తీగలు తారుమారైతే ఈసారి బి మీటరు వెనక్కి పోతుంది. ఇండక్షన్ మోటారు అని తెలిసినప్పుడు పెద్దదాన్ని W1గా తీసుకుంటే సరిపోతుంది. లోడు ఏమిటో తెలియనప్పుడు, ఉదాహరణకు కెపాసిటర్లు కలిపిన బోర్డు మీద కొలుస్తున్నప్పుడు, కరెంటు వెనకబడి ఉందా ముందుందా అన్నది ఫేజు క్రమం తెలియకుండా ఈ రీడింగుల నుంచి చెప్పలేము. cos φ విలువ మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే వస్తుంది.

ఇక రీడింగులు ఎంత కచ్చితమన్న విషయం. నో లోడ్‌లో మీరు కోరుకునే 400 వాట్లు, 940కీ 540కీ మధ్య తేడాగా వస్తున్నాయి. రెండు పెద్ద అంకెల తేడాగా ఒక చిన్న అంకె వచ్చినప్పుడు ఆ పెద్ద అంకెల్లోని తప్పులు పూర్తిగా దాని మీద పడతాయి. 10 ఆంపియర్లు, 600 వోల్టుల మామూలు యూపీఎఫ్ వాట్‌మీటరుకు ఫుల్ స్కేలు 6000 వాట్లు. అది 0.5 క్లాసు మీటరైతే ఫుల్ స్కేలులో అర శాతం, అంటే ఒక్కో మీటరులో 30 వాట్ల వరకు తప్పు ఉండవచ్చు. రెండూ కలిస్తే 60. అంటే 400 వాట్ల మీద 15 శాతం. అదే 60 వాట్లు ఫుల్ లోడ్‌లోని 4360 మీద ఒకటిన్నర శాతం కూడా కాదు. అందుకే నో లోడ్ టెస్టుకు ఎల్పీఎఫ్ మీటరు వాడమంటారు. 0.2 పవర్ ఫ్యాక్టరుకు తయారైన 10 ఆంపియర్లు, 600 వోల్టుల ఎల్పీఎఫ్ మీటరుకు ఫుల్ స్కేలు 1200 వాట్లే కాబట్టి అదే క్లాసులో రెండింటి తప్పు కలిపి 12 వాట్లకు, అంటే 3 శాతానికి దిగుతుంది. స్కేలు మీద 150 గీతలు ఉంటే యూపీఎఫ్ మీటరును 40తో, ఎల్పీఎఫ్ మీటరును 8తో గుణించాలి. టెస్టు మధ్యలో మీటరు మార్చినప్పుడు ఈ గుణకాన్ని మార్చడం మరచిపోవద్దు.

ఎల్పీఎఫ్ మీటరు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కు ఉంది. కరెంటు 3.6 ఆంపియర్లే కదా అని 5 ఆంపియర్లు, 600 వోల్టుల ఎల్పీఎఫ్ మీటరు తీసుకుంటే దాని ఫుల్ స్కేలు 600 వాట్లు. మీ బి మీటరులో 940 వాట్లు వస్తున్నాయి, ముల్లు స్కేలు దాటి కొట్టుకుంటుంది. మోటారు పవర్ ఫ్యాక్టరు 0.154 అయినా బి మీటరు చూస్తున్న కొసైన్ 0.628 అన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈ పద్ధతిలో మీటరు ఎంపిక మోటారు పవర్ ఫ్యాక్టరును బట్టి కాక, ఆ మీటరు స్వయంగా చూసే కోణాన్ని బట్టి జరగాలి. అలాగే ఎల్పీఎఫ్ మీటర్లతోనే ఫుల్ లోడ్‌కు వెళ్ళకూడదు. అక్కడ 3020 వాట్లు వస్తాయి. మోటారును స్టార్ట్ చేసేటప్పుడు కూడా కరెంటు ఫుల్ లోడ్ కరెంటుకు ఎన్నో రెట్లు ఎగుస్తుంది కాబట్టి, ఆటోట్రాన్స్‌ఫార్మర్‌తో తక్కువ వోల్టేజి నుంచి మెల్లగా పెంచండి. నేరుగా స్టార్ట్ చేయక తప్పకపోతే కరెంట్ కాయిళ్ళను షార్ట్ చేసే స్విచ్ పెట్టి, వేగం అందుకున్నాక తెరవండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న దగ్గరికి వద్దాం. మొత్తం పవరు ఎప్పుడూ నిజమని ఎందుకన్నానంటే, దాని వెనక లోడు గురించి ఏ షరతూ లేదు. మూడు తీగలే ఉన్నప్పుడు ఏ క్షణంలోనైనా మూడు కరెంట్ల మొత్తం సున్నా. కాబట్టి వై కరెంటును మిగతా రెండింటితో రాయవచ్చు:

```
p = vR·iR + vY·iY + vB·iB
iY = −(iR + iB)
p = (vR − vY)·iR + (vB − vY)·iB
```

చివరి వరుసలోని రెండు పదాలే మీ రెండు మీటర్లు కొలిచేవి. ఇందులో స్టారా డెల్టానా, బ్యాలెన్స్ ఉందా లేదా, సైన్ వేవేనా అన్న ప్రస్తావనే లేదు. తీగల సంఖ్య కంటే ఒకటి తక్కువ వాట్‌మీటర్లు చాలన్న ఈ సూత్రాన్ని ఫ్రెంచి ఇంజినీరు ఆంద్రే బ్లాండెల్ 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ కాంగ్రెస్‌లో వివరించాడు. దీనికి ఉన్న హద్దు ఒక్కటే: నాలుగో తీగ ఉండకూడదు. న్యూట్రల్ కలిపిన లోడులో వై ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రమే ఒక హీటరు ఉందనుకోండి. ఆర్, బి లైన్లలో కరెంటే లేదు. రెండు మీటర్లూ సున్నా చూపుతాయి, హీటరు మాత్రం కాలుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో కరెంటు పోయే చోట మూడు వాట్‌మీటర్లు పెట్టవలసిందే.

పవర్ ఫ్యాక్టరు ఫార్ములా సంగతి వేరు. అందులోని 30 డిగ్రీలు మూడు ఫేజులూ సమానంగా ఉన్నప్పుడు మాత్రమే పుట్టే కోణం. దీన్ని మీ ల్యాబులోనే చూడవచ్చు. న్యూట్రల్ లేకుండా, ఒకే ఒక్క రెసిస్టివ్ లోడును ఆర్, వై లైన్ల మధ్య కలపండి. ఆర్ మీటరు మొత్తం పవరు చూపుతుంది, బి మీటరు సున్నా చూపుతుంది. మొత్తం సరిగ్గా ఉంది. కానీ ఫార్ములాలో వేస్తే tan φ విలువ √3 అయి, పవర్ ఫ్యాక్టరు 0.5 అంటుంది. అదే లోడును తీసి ఆర్, బి లైన్ల మధ్య కలపండి. ఇప్పుడు రెండు మీటర్లూ చెరిసగం చూపుతాయి, ఫార్ములా ఒకటి అంటుంది. లోడు అదే, దానిలో ఇండక్టెన్స్ ఏమీ లేదు, మారింది అది కలిసిన చోటు మాత్రమే. కాబట్టి మూడు లైన్ల కరెంట్లూ దాదాపు సమానంగా ఉన్నాయని అమ్మీటరుతో చూసుకున్న తరువాతే ఫార్ములాను వాడండి. గ్రామాల్లో పంపుసెట్ల దగ్గర లైను వోల్టేజీలు కొంచెం తేడాగా ఉన్నా మోటారు కరెంట్లలో ఆ తేడా శాతం అనేక రెట్లుగా కనిపిస్తుంది. అటువంటి చోట నేను మొత్తం పవరును మాత్రమే రాసుకుని, పవర్ ఫ్యాక్టరును ఈ ఫార్ములాతో చెప్పను.

రెండో హద్దు డ్రైవులకు సంబంధించినది. మోటారు ముందు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవు ఉండి, మీరు డ్రైవుకు వచ్చే సప్లై వైపు కొలుస్తున్నారనుకుందాం. కరెంటు సైన్ వేవుగా ఉండదు, అందులో ఐదో, ఏడో హార్మోనిక్‌లు బలంగా ఉంటాయి. సప్లై వోల్టేజి సైన్ వేవుగానే ఉంటే ఈ హార్మోనిక్ కరెంట్లు వాట్‌మీటరు ముల్లును సగటున కదపలేవు. కాబట్టి ఫార్ములా ఇచ్చేది మూల ఫ్రీక్వెన్సీ కరెంటు కోణం మాత్రమే, అది ఒకటికి దగ్గరగా కనిపిస్తుంది. కానీ ట్రూ ఆర్ఎమ్ఎస్ అమ్మీటరు హార్మోనిక్‌లతో సహా కరెంటును చూపుతుంది, వోల్ట్ ఆంపియర్ల దారిలో వచ్చే పవర్ ఫ్యాక్టరు అంతకంటే తక్కువగా ఉంటుంది. ఇక్కడ రెండు జవాబులు కలవకపోవడం కనెక్షన్ తప్పు కాదు. అసలైన పవర్ ఫ్యాక్టరు రెండోదే. డ్రైవు నుంచి మోటారుకు వెళ్ళే వైపు మాత్రం మామూలు డైనమోమీటరు వాట్‌మీటరును పెట్టవద్దు, అక్కడి వేగవంతమైన స్విచింగ్ పల్సులకు అది తయారైనది కాదు. అందుకు తగిన బ్యాండ్‌విడ్త్ ఉన్న పవర్ ఎనలైజరు కావాలి.

మీ రికార్డు విషయానికి వస్తే, మళ్ళీ టెస్టు చేయనవసరం లేదు. ఆర్ మీటరు తీగలు తిప్పి ఉన్నప్పుడు ముల్లు ముందుకు చూపిన రీడింగులన్నింటికీ మైనస్ పెట్టండి, తీగలు మామూలుగా పెట్టిన తరువాతి వాటిని ప్లస్‌గానే ఉంచండి. ప్రతి వరుసలో మొత్తం, తేడా, ఫార్ములా పవర్ ఫ్యాక్టరు, వోల్ట్ ఆంపియర్ల పవర్ ఫ్యాక్టరు నాలుగూ లెక్కించండి. ఎక్కడైనా చివరి రెండూ రెండో దశాంశ స్థానం కంటే ముందే విడిపోతే ఆ వరుసలోని అంకెలనూ, ఆ సమయంలో మూడు లైన్ల కరెంట్లనూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.